ఆట ఆపిన చోటే మళ్లీ మొదలవ్వాలా? సేవ్ పద్ధతుల గురించి ఒక ప్రసంగం

(మొబైల్ ఆటలు తయారుచేయడం నేర్చుకుంటున్న విద్యార్థుల కోసం కావలిలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడతా ఉందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో అదే వస్తా ఉంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఇవాళ సేవ్ గురించి మాట్లాడుకుందాం. ఆట మధ్యలో ఆపేసి రేపు మళ్లీ తెరిస్తే ఎక్కడి నుంచి మొదలవ్వాలి? ప్రశ్న ఇంతే. మెనూలో ఒక బటన్ పెడితే అయిపోతుంది గదా అనుకుంటారు చాలామంది. అందుకే ఆటంతా పూర్తయ్యాక, ఇక రేపో ఎల్లుండో విడుదల అనగా దీన్ని తగిలిస్తారు. అట్టా తగిలించిన సేవ్ మంచి ఆటని కూడా చెడగొడుతుంది.

ఏ పద్ధతి తీసుకున్నా దాని వెనక రెండు లెక్కలుంటాయి. దాచుకోవడానికి చోటెంత ఉంది అనేది ఒకటి. చచ్చిపోతే ఆటగాడు ఎంత వెనక్కి పోవాలి అనేది రెండోది. పాతరోజుల్లో మొదటి లెక్క ఎట్టా తేలితే రెండోది అట్టా తేలేది. ఇప్పుడు చోటుకి కొదవ లేదు కాబట్టి రెండో లెక్క పూర్తిగా మన చేతిలోకి వచ్చింది. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు పాస్‌వర్డు సంగతి చూద్దాం. టీవీకి తగిలించి ఆడే కాసెట్ల ఆటలు మీలో ఎంతమంది ఆడారో నాకు తెలియదు గానీ, మీ అన్నలో మామలో ఆడే ఉంటారు. ఆ కాసెట్‌లో ఆట రాసి ఉన్న చిప్పుని చదవడమే కుదురుతుంది, దానిమీద కొత్తగా రాయడానికి లేదు. కరెంటు పోయిందంటే ఆటకి ఏమీ గుర్తుండదు. మరి గుర్తు ఎవరు పెట్టుకోవాలి? ఆటగాడే! ఆట తన జ్ఞాపకాన్ని ఒక చీటీ మీద రాసి మన చేతిలో పెట్టి, మళ్లీ వచ్చేటప్పుడు పట్టుకురమ్మంటుంది. పాస్‌వర్డంటే ఆ చీటీ. దాన్ని తాళంచెవి అనుకోబాకండి. తాళంచెవి లోపలున్నదాన్ని తెరుస్తుంది. ఇక్కడ లోపలేమీ లేదు, సమాచారమంతా ఆ అక్షరాల్లోనే ఉంది.

1986లో జపాన్‌లో మెట్రాయిడ్ డిస్కు మీద వచ్చింది. డిస్కు మీద రాయొచ్చు కాబట్టి అందులో మామూలు సేవ్ ఉండేది. 1987లో అదే ఆట అమెరికాకి కాసెట్‌గా పోయేసరికి రాసే చోటు లేకుండా పోయింది. దాంతో 24 అక్షరాల పాస్‌వర్డు పెట్టారు. ఒక్కో స్థానంలో 64 గుర్తుల్లో ఏదో ఒకటి రావొచ్చు, అంటే అక్షరానికి 6 బిట్లు. ఇరవైనాలుగార్లు 144 బిట్లు, అంటే 18 బైట్లు. అందులో 16 బైట్లు ఆట సమాచారానికి పోయాయి. 17వ బైటు మిగతా బిట్లని ఎంత పక్కకి తిప్పాలో చెబుతుంది. 18వది సరిచూసుకునే బైటు, దాన్నే చెక్‌సమ్ అంటాం.

ఆ 16 బైట్లలో ఏం పెట్టారు, ఏం వదిలేశారు? నాకు ఆసక్తి అంతా ఇక్కడే. ఏ వస్తువులు దొరికాయి, ఏ తలుపులు తెరుచుకున్నాయి, ఎన్ని క్షిపణులున్నాయి, ఏ ప్రాంతం నుంచి మొదలుపెట్టాలి అనేవి పెట్టారు. ప్రాణశక్తి ఎంతుందో పెట్టలేదు. పాస్‌వర్డు కొట్టి వస్తే ఎవరికైనా 30తోనే మొదలు. ఎన్ని ప్రాణశక్తి ట్యాంకులు సంపాదించినా సరే, వాటిని మళ్లీ నింపుకోవాల్సిందే. చీటీలో పట్టనిది ఆటగాడి మీద భారంగా పడింది. చోటు లెక్క ఆట కష్టాన్ని ఎట్టా మారుస్తుందో చూశారా?

ఒక ఉదాహరణ మనమే చేద్దాం. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. ఉదయగిరి కోట మీద ఒక ఆట అనుకోండి. ఐదు వస్తువులు దొరుకుతాయి, ఒక్కోటి ఉందా లేదా అన్నదానికి ఒక బిట్టు చాలు, మొత్తం 5. పన్నెండు ద్వారాలు తెరవాలి, 12 బిట్లు. మొదలయ్యే చోట్లు ఎనిమిది, వాటికి 3 బిట్లు. నాణేలు 999 దాకా, 10 బిట్లు. ఇప్పుడు కూడండి. 30 వచ్చిందా?

అక్షరాలు ఎన్ని కావాలి? ఇంగ్లీషు అక్షరాలు 26, అంకెలు 10, మొత్తం 36. అందులో సున్నా, O, ఒకటి, I తీసేయండి. ఎందుకో తెలుసు గదా? చేతిరాతలో సున్నాకీ O కీ తేడా తెలియదు, పిలకాయలు నోటుబుక్కులో రాసుకుని మర్నాడు తలపట్టుకుంటారు. తీసేస్తే సరిగ్గా 32 మిగులుతాయి, అంటే అక్షరానికి 5 బిట్లు. 30 బిట్లకి ఆరు అక్షరాలు.

అంకె 2కి సున్నా విలువ, 3కి ఒకటి, అట్టా 9కి ఏడు. తర్వాత A కి ఎనిమిది నుంచి Z కి ముప్పైఒకటి దాకా. ఇప్పుడు ఒక ఆటగాడి దగ్గర మొదటి, మూడో, నాలుగో వస్తువులున్నాయి, మొదటి నాలుగు ద్వారాలు తెరిచాడు, రెండో నంబరు చోటు నుంచి మొదలుపెట్టాలి, నాణేలు 365. బిట్లన్నీ వరసగా పేర్చి ఐదేసి చొప్పున విడగొడితే ఇట్టా వస్తుంది.

```
10110 11110 00000 00010 01011 01101
  22    30     0     2    11    13
   Q     Y     2     4     D     F
```

ఇక్కడితో ఆపేస్తే ఏమవుతుంది? ఏ ఆరు అక్షరాలు కొట్టినా ఆట ఒప్పేసుకుంటుంది. తప్పు రాసుకున్నవాడికి తప్పని కూడా తెలియదు, తెరిచిన ద్వారం మూసుకుపోయి ఉంటే మన ఆటలో లోపం అనుకుంటాడు. అందుకని ఇంకో రెండు అక్షరాలు కలపాలి. ఆరు విలువలూ కూడితే 78, దాన్ని 32తో భాగిస్తే మిగిలేది 14, అంటే G. ఇది ఏడో అక్షరం. ఏదైనా ఒక్క అక్షరం తప్పు రాస్తే కూడిక మారుతుంది కాబట్టి ఇది కచ్చితంగా పట్టుకుంటుంది. కానీ 24ని 42 అని తిరగేసి రాస్తే? కూడిక అంతే ఉంటుంది, ఇది పట్టుకోలేదు. అందుకే ఎనిమిదో అక్షరానికి మొదటి విలువని ఒకటితో, రెండోదాన్ని రెండుతో, అట్టా ఆరోదాన్ని ఆరుతో గుణించి కూడతాం. 223 వస్తుంది, 32తో భాగిస్తే మిగిలేది 31, అంటే Z. ఇప్పుడు మొదటి ఆరు అక్షరాల్లో పక్కపక్కవి ఏవి తారుమారైనా దొరికిపోతాయి. పాస్‌వర్డు QY24DFGZ.

ఊరికే నోటికొచ్చింది కొడితే ఇది ఒప్పుకునే అవకాశం 1024లో ఒకటి. మెట్రాయిడ్‌లో సరిచూసే బైటు ఒక్కటే కాబట్టి అక్కడ 256లో ఒకటి. JUSTIN BAILEY అనే పాస్‌వర్డు విన్నారా? మిగతా గడులన్నీ గీతలతో నింపితే ఆట ఒప్పుకుని బోలెడు ఆయుధాలు ఇచ్చేస్తుంది. ఆ బెయిలీ ఎవరా అని జనం ఏళ్ల తరబడి తలలు పగలగొట్టుకున్నారు. ఆయనెవరో వెతకాల్సిన పనే లేదు. ఆ అక్షరాలకి కూడిక సరిపోయింది, అంతే.

మన కోడులో ఇంకో లొసుగు ఉంది. ఎవరన్నా చెబుతారా? అదే! నాణేలు మారితే ఐదు, ఆరు అక్షరాలూ చివరి రెండూ మాత్రమే మారతాయి. తెలివైన పిలకాయ రెండు చీట్లు పక్కపక్కన పెట్టుకుంటే నాణేలు ఎక్కడున్నాయో కనిపెట్టేస్తాడు. మెట్రాయిడ్‌లో 17వ బైటు చేసే పని ఇదే, బిట్లని తిప్పేసి ఆనవాలు చెరిపేస్తుంది.

అక్షరాలు పెరిగేకొద్దీ చీటీ మోయడం కష్టమవుతుంది. డ్రాగన్ క్వెస్ట్ 2 జపాన్ ఆటలో పాస్‌వర్డు 52 అక్షరాల దాకా పోయేది. ఆ లిపిలో ఒకేలా కనిపించే అక్షరాలు కూడా కొన్ని ఉన్నాయి, ఇక ఆడేవాళ్ల అవస్థ మీరే ఊహించుకోండి. మెగా మ్యాన్ 2 వాళ్లు ఈ గొడవని చక్కగా దాటారు. అయిదడ్డం అయిదు నిలువు గడుల్లో తొమ్మిది చుక్కలు, అంతే. ఎనిమిది చుక్కలు ఎనిమిది మంది శత్రువులవి, ఒక్కొక్కడు ఓడాడా లేదా అన్నదాన్ని బట్టి చుక్క గడి మారుతుంది. తొమ్మిదోది నీ దగ్గర ప్రాణం నింపుకునే డబ్బాలు ఎన్నున్నాయో చెబుతుంది. అక్షరం తప్పుగా చదివే బాధే లేదు. వాళ్లకది ఎందుకు సరిపోయింది? దాచాల్సింది తక్కువ కాబట్టి. దాచేది ఎంత తగ్గించగలం అని ముందు ఆలోచించారు.

బ్యాటరీ సంగతి త్వరగా చెప్పేస్తా. జెల్డా మొదటి ఆట 1987లో కాసెట్‌గా బయటి దేశాలకి పోయినప్పుడు అందులో చిన్న ర్యామ్ చిప్పు, దానికి ప్రాణం పోసే బిళ్ల బ్యాటరీ పెట్టారు. కాసెట్ ఖరీదు పెరిగింది గానీ చీటీ బాధ తప్పింది. ఆ ఆట ఒక మాట చెప్పేది. రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆపమని. ఎందుకు? కరెంటు పడిపోయే ఆ క్షణంలో ప్రాసెసర్‌కి మతిపోయి చెత్తంతా ఆ ర్యామ్‌లో రాసేయొచ్చు. రీసెట్ పట్టుకుంటే ప్రాసెసర్ కదలకుండా ఉంటుంది. సేవ్ రాసేటప్పుడు కరెంటు పోతే ఏమిటి అనే ఈ ప్రశ్నని పక్కన పెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఇప్పుడు చెక్‌పాయింట్. చెక్‌పాయింటుకీ సేవ్‌కీ తేడా చాలామంది పట్టించుకోరు. పాత మారియోలో సగం దూరం పోయాక చస్తే సగం నుంచి మొదలవుతుంది. అది చెక్‌పాయింట్. కానీ ఆట కట్టేస్తే అంతా పోతుంది, ఎందుకంటే అది ర్యామ్‌లో మాత్రమే ఉంది. చావుకి సమాధానం చెక్‌పాయింట్, ఆట కట్టేయడానికి సమాధానం సేవ్. మీ ఆటలో ఈ రెండూ ఒకటిగానే ఉండొచ్చు, వేరువేరుగానూ ఉండొచ్చు. ఏదైనా తెలిసి చేయండి.

చెక్‌పాయింట్ పెట్టేటప్పుడు మీరు వేసుకోవాల్సిన లెక్క ఏందంటే, చచ్చిన చోటుకి మళ్లీ రావడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, ఆ సెకన్లలో ఆటగాడు కొత్తగా ఏమన్నా చేస్తున్నాడా లేక ఊరికే నడుస్తున్నాడా? 2018లో వచ్చిన సెలెస్ట్‌లో దాదాపు ప్రతి తెరా ఒక చెక్‌పాయింటే. ఒక్కో తెర చాలా కష్టం, కానీ చస్తే కన్నుమూసి తెరిచేలోగా మళ్లీ నిలబడి ఉంటావు. ఆ కష్టాన్ని జనం భరించారంటే కారణం ఇదే. కొత్తవాళ్లు చేసే తప్పేందంటే పెద్ద శత్రువు వచ్చే ముందు రెండు నిమిషాల మాటలుంటాయి, చెక్‌పాయింట్‌ని ఆ మాటలకి ముందు పెడతారు. పదోసారి చచ్చినవాడు పదోసారి ఆ మాటలు వినాలి. మాటల తర్వాత పెట్టండి!

చెక్‌పాయింట్‌నే ఆటలో భాగం చేసినవాళ్లూ ఉన్నారు. షవెల్ నైట్‌లో చెక్‌పాయింట్‌ని పగలగొడితే డబ్బులొస్తాయి, కానీ ఆ చెక్‌పాయింట్ ఇక పనిచేయదు. ధైర్యం ఉన్నవాడు పగలగొట్టుకుంటాడు, లేనివాడు వదిలేస్తాడు. కష్టం ఎంతో మెనూలో అడగకుండానే ఆటగాడు ఎంచుకున్నాడు. నాకు మహా నచ్చిన ఆలోచన ఇది.

ఇక మనమే చేసుకునే సేవ్, స్లాట్లు. 1993 డూమ్‌లో F6 నొక్కితే సేవ్, F9 నొక్కితే అక్కడికి తిరిగి రావడం. ఆటగాడికి ఇంతకంటే స్వేచ్ఛ ఏముంటుంది? అయితే దీని ఖరీదు తయారుచేసేవాడు కట్టాలి. మూలకొకసారి F6 నొక్కేవాడికి దెబ్బ తగిలితే చాలు F9. ఒక గదిలో పది మందిని పెట్టాలా ఐదుగురిని పెట్టాలా అని మీరు వేసిన లెక్క వాడికి వర్తించదు. అసలు సేవే నొక్కని ఇంకొకడికి అదే గది నరకం. ఇద్దరికీ ఒకే ఆటని తూకం వేయడం కష్టం.

1996 రెసిడెంట్ ఈవిల్ వాళ్లు సేవ్‌నే తూటాల్లాగా లెక్కపెట్టి ఇచ్చారు. టైప్‌రైటర్ దగ్గరికి పోవాలి, చేతిలో ఇంకు రిబ్బన్ ఉండాలి, ఒక్కో సేవ్‌కీ ఒక రిబ్బను ఖర్చు. ఇప్పుడు సేవ్ చేద్దామా, ఇంకొంచెం పోయి చేద్దామా? భయం పుట్టించే ఆటకి ఆ సందేహం కావాలి. అదే పద్ధతిని తీసుకెళ్లి పజిల్ ఆటలో పెడితే ఆడేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

ఎక్స్‌కామ్‌లో ఇంకో ఉపాయం ఉంది. గురి తప్పిందని సేవ్ నుంచి మళ్లీ వచ్చి అదే తూటా పేల్చినా మళ్లీ తప్పుతుంది. యాదృచ్ఛిక సంఖ్యలు ఏ వరసలో రావాలో తేల్చే విత్తనాన్ని కూడా సేవ్‌లో రాసిపెడతారు, అందుకని. అదీ చాలదనుకున్నవాడికి ఐరన్‌మ్యాన్ పద్ధతి ఉంది. స్లాట్ ఒకటే, సేవ్ ఆటే చేసుకుంటుంది, వెనక్కి పోవడం కుదరదు. కథలో ఎంపికలు, దారులు ఎక్కువగా ఉన్న పెద్ద ఆటలకి మాత్రం స్లాట్లు ఉండాల్సిందే. అవి ఇచ్చేటప్పుడు ఒక్కో స్లాట్ మీద ఊరి పేరు, ఆడిన సమయం, చిన్న బొమ్మ చూపించండి. స్లాట్ 1, స్లాట్ 2 అని వదిలేస్తే రెండు నెలల తర్వాత తెరిచినవాడు మంచి సేవ్ మీదే రాసేసుకుంటాడు.

ఆటోసేవ్‌కి వద్దాం. మీరంతా చేసేది ఫోన్ ఆటలు గదా, మీకు పనికొచ్చేది ఇదే. బస్సులో ఆడతా ఉంటాడు, స్టాపు వస్తుంది, ఫోను జేబులో పెట్టేస్తాడు. మెనూ తెరిచి సేవ్ నొక్కే తీరికేదీ? అందుకే ఆటే చేసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ఆటని పక్కకి నెట్టాక సిస్టమ్ నుంచి onStop అనే పిలుపు వస్తుంది. అది దాటాక మీ ఆటని సిస్టమ్ ఏ క్షణాన్నైనా చెప్పాపెట్టకుండా చంపేయొచ్చు. ఆట మూసేటప్పుడు రాద్దాంలే అనుకుంటే ఆ మూసే ఘడియ రాకపోవచ్చు. అందుకని ద్వారం తెరిచినప్పుడు, వస్తువు దొరికినప్పుడు, ఎప్పటికప్పుడు రాస్తూ ఉండి, onStop వచ్చేసరికి మిగిలిన కాస్త రాయండి.

ఎప్పుడు రాయకూడదు? ఇది ఇంకా ముఖ్యం. మన ఉదయగిరి ఆటలో ప్రతి ముప్పై సెకన్లకీ ఆటోసేవ్ అనుకోండి. ఆటగాడు గోడ మీది నుంచి కింద మేకుల మీదికి పడతా ఉన్నాడు, గాలిలో ఉన్నాడు, సరిగ్గా అప్పుడు ముప్పై సెకన్లు నిండాయి. సేవ్ అయింది. చచ్చాడు. మళ్లీ వచ్చాడు, గాలిలోనే వచ్చాడు, మళ్లీ చచ్చాడు. స్లాట్ ఒకటే అయితే వాడి ఆట అక్కడితో అయిపోయింది. కాబట్టి గడియారం చూసి రాయబాకండి, పరిస్థితి చూసి రాయండి. కాళ్లు గట్టినేల మీద ఉన్నాయా? దగ్గర్లో శత్రువు ఉన్నాడా? ఈ ఐదు సెకన్లలో దెబ్బ తగిలిందా? అన్నీ బాగుంటేనే రాయండి, లేకపోతే కాసేపాగి మళ్లీ చూడండి. దీంతోపాటు మూడు ఆటోసేవ్‌లని వంతులవారీగా ఉంచండి, పాతదాని మీద కొత్తది. ఒకటి పాడైనా వెనకటిది ఉంటుంది.

ఇందాక కరెంటు ప్రశ్న పక్కన పెట్టాం గదా. పాత ఫైలు మీదే నేరుగా రాస్తూ ఉంటే, సగంలో ఫోను చచ్చిందనుకోండి, పాతదీ పోయింది, కొత్తదీ పూర్తికాలేదు. తెరిచి చూస్తే ఫైలు సైజు సున్నా ఉంటుంది, లేకపోతే ఉండాల్సినదానికంటే తక్కువ ఉంటుంది. దీనికి మందు పైథాన్‌లో చూపిస్తా, మీ భాషలో ఏదైనా వరస ఇదే.

```
import os
with open("save.tmp", "wb") as f:
    f.write(data)
    f.flush()
    os.fsync(f.fileno())
os.replace("save.tmp", "save.dat")
```

ముందు వేరే పేరుతో మొత్తం రాశాం. ఐదో వరసలో అది నిజంగా చిప్పులోకి దిగిందాకా ఆగాం. ఆ తర్వాతే పేరు మార్చాం. మధ్యలో ఎక్కడ చచ్చినా save.dat అనేది పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా ఉంటుంది, సగం ఫైలు ఉండదు. చాలామంది fsync వదిలేస్తారు. ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే నడుస్తుంది, బ్యాటరీ ఊడిపోయిన ఫోన్లో దొరికిపోతారు.

ఫైలు మొదట్లో రూపం నంబరు ఒకటి రాయండి. 1 అని రాస్తే చాలు. రెండు నెలల తర్వాత ఆరో వస్తువు కలిపారనుకోండి, పాత ఫైలులో ఐదే ఉన్నాయి. నంబరు లేకపోతే కొత్త ఆట పాత ఫైలుని తప్పు చోట విడగొట్టి చదువుతుంది, 365 నాణేలున్నవాడికి ఇంకేదో చూపిస్తుంది. నంబరుంటే, ఇది 1 కాబట్టి ఆరో వస్తువు లేదనుకో అని మీరే రెండు వరసల్లో చెప్పేయొచ్చు. ఇందాకటి చెక్‌సమ్ ఇక్కడ కూడా పెట్టండి. అది సరిపోకపోతే రెండో ఆటోసేవ్ తెరవండి, అంతేగానీ ఆటగాడికి కొత్త ఆట మొదలుపెట్టబాకండి.

ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఆఁ, గట్టిగా చెప్పమ్మా. ఇంట్లో ఫోను ఒకటే, అన్నాతమ్ముడూ ఇద్దరూ అదే ఆట ఆడతారు, ఆటోసేవ్ ఒకటే అయితే ఎట్టా అని. మంచి ప్రశ్న. మన ఊళ్లలో ఇదే ఎక్కువ జరిగేది. అన్న పదో ద్వారం దాకా పోయి ఫోను తమ్ముడికి ఇస్తాడు, వాడు కొత్త ఆట నొక్కుతాడు, అన్నది తుడిచిపెట్టుకుపోతుంది. ఆటోసేవ్ ఉంచండి, కానీ పేరుకొకటి ఉంచండి. తెరవగానే ముగ్గురి పేర్లకి చోటు, ఎవరి పేరు వాళ్లు నొక్కుకుంటారు, ఎవరి మూడు ఆటోసేవ్‌లు వాళ్లవి. 1987 జెల్డా కాసెట్‌లో కూడా ఆట మొదలయ్యే ముందు తెర అదే, మూడు పేర్లు రాసుకోవడానికి మూడు చోట్లు. పేరు తుడిచేసే బటన్ మాత్రం ఆట మొదలుపెట్టే బటన్ పక్కన పెట్టకుండా వేరే తెర మీద పెట్టండి, తమ్ముడి వేలు అక్కడికి పోకుండా.